సిరంజి పంపు ప్రాజెక్టు: ఏ తేదీ నుంచి ఖర్చు ఆస్తి అవుతుంది?

నేపథ్యం

విశాఖపట్నంలో ఆసుపత్రులకు సక్షన్ మెషీన్లు, నెబ్యులైజర్లు తయారుచేసి అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కేసు ఇది. ఎవరిదో తెలియకుండా ఉండటానికి అంకెలన్నిటినీ ఒకే నిష్పత్తిలో మార్చాం, తేదీలను కొద్దిగా జరిపాం. తర్కం మాత్రం జరిగింది జరిగినట్టే ఉంది.

కంపెనీకి స్టాక్ ఎక్స్ఛేంజి లిస్టింగ్ లేదు, నెట్‌వర్త్ 250 కోట్లకు చాలా దూరం. కాబట్టి పెద్ద కంపెనీలకు పెట్టిన కొత్త స్టాండర్డ్స్, అంటే ఇండ్ ఏఎస్, దీనికి వర్తించవు. 2021 నాటి కంపెనీల అకౌంటింగ్ స్టాండర్డ్స్ నియమాల కింద పాత అకౌంటింగ్ స్టాండర్డ్సే, అంటే ఏఎస్‌లే వర్తిస్తాయి. ఈ కేసులో ప్రధానమైనది ఏఎస్ 26, అంటే కంటికి కనబడని ఆస్తుల స్టాండర్డ్. చిన్న, మధ్య తరహా కంపెనీలకు కొన్ని స్టాండర్డ్స్‌లో సడలింపులు ఉన్నాయి గాని, ఏఎస్ 26లో రీసెర్చ్, డెవలప్‌మెంట్ ఖర్చుల నియమాల నుంచి ఎవరికీ మినహాయింపు లేదు.

2021 ఏప్రిల్‌లో కంపెనీ సొంతంగా ఒక సిరంజి పంపు తయారుచేయాలని పని మొదలుపెట్టింది. రోగి నరంలోకి మందును గంటకు ఇన్ని మిల్లీలీటర్లని లెక్కకట్టి నెమ్మదిగా పంపే యంత్రం ఇది. మోటారు తిరిగితే ఒక స్క్రూ కదిలి సిరంజి పిస్టన్‌ను నెడుతుంది. మొదటి సంవత్సరం, అంటే 2021-22లో, ప్రాజెక్టు మీద 62 లక్షలు ఖర్చయింది. ఆ మొత్తాన్ని ఆ ఏడాదే లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా రాశారు. ఆడిట్ అయింది, సర్వసభ్య సమావేశంలో ఖాతాలు ఆమోదం పొందాయి. 2022-23లో మరో 148 లక్షలు ఖర్చయింది.

వచ్చిన సమస్య

2023 ఏప్రిల్‌లో తయారైన తాత్కాలిక ఖాతాల్లో ‘అభివృద్ధిలో ఉన్న కంటికి కనబడని ఆస్తి’ కింద 210 లక్షలు కనిపించాయి. 2022-23 ఖర్చు 148 లక్షలూ అందులో ఉంది. దానితోపాటు కిందటేడు ఖర్చుగా రాసేసిన 62 లక్షలను కూడా ఒక జర్నల్ ఎంట్రీతో వెనక్కి తెచ్చి కలిపారు. ఆ ఎంట్రీ వివరణలో ‘గత సంవత్సరపు పొరపాటు సవరణ’ అని రాశారు.

ఆడిటర్ ఒప్పుకోలేదు. కంపెనీ ప్రమోటర్ వాదన మాత్రం సూటిగానే ఉంది. “పంపు మీద పెట్టిన ప్రతి రూపాయీ రేపు అమ్మకాల్లో తిరిగొస్తుందండీ. పంపు కోసమే పెట్టినప్పుడు అది ఖర్చెలా అవుతుంది? పైగా టర్మ్ లోన్ ఇచ్చిన బ్యాంకు బ్యాలెన్స్ షీట్ చూస్తుంది, నష్టం చూపిస్తే ఎలా?” ఇందులో మొదటి భాగం ఆలోచించదగినదే. రెండో భాగం ఎందుకు తప్పో తర్వాత చెబుతాం, ఎందుకంటే ఈ కేసు మొత్తాన్ని ముందుకు నెట్టింది ఆ భయమే.

ప్రయత్నించినవి, నిలవనివి

ముందు ఆ 62 లక్షల సంగతి తేల్చాం. ఒకసారి ఖాతాల్లో ఖర్చుగా గుర్తించి ప్రచురించిన మొత్తాన్ని తర్వాత ఎప్పుడూ కంటికి కనబడని ఆస్తి ఖరీదులో కలపకూడదని ఏఎస్ 26లో 58వ పేరా నేరుగా చెబుతుంది. ‘పొరపాటు సవరణ’ అన్న దారి కూడా ఇక్కడ తెరుచుకోదు. గత సంవత్సరపు అంశంగా సవరించాలంటే అప్పటి ఖాతాల్లో నిజంగా తప్పు జరిగి ఉండాలి. 2021-22లో కంపెనీ ఏంచేసింది? స్క్రూతో నడిచే పద్ధతి మేలా, బెల్టుతో నడిచే పద్ధతి మేలా అని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. ప్రత్యామ్నాయాలు వెతకడాన్ని స్టాండర్డ్ రీసెర్చ్‌కు ఉదాహరణగానే చూపిస్తుంది. రీసెర్చ్ దశ ఖర్చు ఎప్పుడూ ఖర్చే. అందుకని అప్పుడు రాసింది సరైనదే, సవరించడానికి అక్కడ పొరపాటు లేదు.

కంపెనీ అకౌంట్స్ మేనేజర్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రతిపాదన తెచ్చారు. గొడవెందుకు, 148 లక్షలూ ఖర్చు రాసేద్దాం అన్నారు. జాగ్రత్తపరులకు ఇది నచ్చుతుంది, చాలా చిన్న కంపెనీలు ఇలాగే చేస్తాయి కూడా. కానీ ఇదీ తప్పే. డెవలప్‌మెంట్ దశలో, కింద ఒక్కొక్కటిగా చెప్పబోయే ఆరు షరతులూ నెరవేరితే ఆస్తిగా గుర్తించాలనే ఏఎస్ 26 అంటుంది, గుర్తించవచ్చు అనదు. షరతులు నెరవేరాక కూడా ఖర్చు రాస్తే ఈ ఏడాది లాభం తక్కువగా, వచ్చే ఏళ్ల లాభం ఎక్కువగా కనిపిస్తుంది. ప్రమోటర్ చేసినదానికి ఇది అద్దంలో ప్రతిబింబం లాంటిది, దిశ ఒక్కటే మారింది.

మూడో ప్రయత్నం నిష్పత్తి. ప్రాజెక్టులో 40 శాతం రీసెర్చ్, 60 శాతం డెవలప్‌మెంట్ అని చీఫ్ ఇంజినీర్ అంచనా వేశారు. ఇంజినీర్‌గా ఆయన చెప్పింది నమ్మదగ్గదే, కానీ ఖాతాల్లో అది నిలవదు. స్టాండర్డ్ అడిగేది పనిలో ఎంత భాగం డెవలప్‌మెంటన్నది కాదు, ఆరు షరతులూ మొదటిసారి కలిసి నెరవేరిన రోజు ఏదన్నది. ఆ రోజుకు ముందు చేసిన పని నిక్కచ్చిగా డెవలప్‌మెంట్ పనే అయినా దాని ఖర్చు ఆస్తిలోకి రాదు. ఏడాది మొత్తానికి ఒకే శాతం వేస్తే ఆ తేదీ మాయమైపోతుంది. రెండు దశలనూ విడదీయలేకపోతే మొత్తాన్నీ రీసెర్చ్‌గానే చూడాలన్న నియమం కూడా ఉంది. అంటే శాతంతో ఆగిపోతే చివరికి మిగిలేది సున్నా.

తేదీని ఎలా పట్టుకున్నాం

ఆరు షరతులకు ఆరు ఫైళ్లు తెరిచాం. ప్రతి షరతుకూ అది నెరవేరిందని చూపే కాగితం, ఆ కాగితం మీది తేదీ కావాలి. ఆరింటిలో అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన తేదీయే మన తేదీ.

మొదటిది సాంకేతిక సాధ్యత. 2022 ఆగస్టు నాటి ప్రోటోటైప్ గంటకు 5 మిల్లీలీటర్ల వేగంలో బాగా పనిచేసింది, కానీ 0.5 మిల్లీలీటర్ల దగ్గర మందు ధారగా వెళ్లక ఆగి ఆగి వెళ్లింది. ఆటోనగర్ లేత్ షాపులో కోయించిన స్క్రూకూ దాని నట్‌కూ మధ్య ఉన్న సందే కారణం. మోటారు తిరిగినా, ఆ సందు నిండేదాకా పిస్టన్ కదలదు. నెలలు నిండని పసిపిల్లలకు మందు పెట్టేది ఇలాంటి వేగంలోనే, కాబట్టి ఇది చిన్న లోపం కాదు. స్ప్రింగుతో బిగించిన జంట నట్ పెట్టాక, 2022 అక్టోబర్ 14 నాటి డిజైన్ వెరిఫికేషన్ రిపోర్టులో అన్ని వేగాల్లోనూ తేడా కంపెనీ పెట్టుకున్న 2 శాతం హద్దులోపే వచ్చింది. గొట్టం మూసుకుపోతే మోగాల్సిన అలారం, బ్యాటరీ మీద నడిచే సమయం కూడా పాసయ్యాయి. ఆగస్టు తేదీ వాడదామని ఇంజినీర్లు అడిగారు. ముఖ్యమైన పరీక్షలో యంత్రం ఫెయిలైన తేదీన సాధ్యత రుజువైందని చెప్పలేం కాబట్టి అక్టోబర్ 14నే తీసుకున్నాం.

రెండోది పూర్తిచేసి అమ్మాలన్న ఉద్దేశం. అక్టోబర్ 28 నాటి బోర్డు తీర్మానంలో బడ్జెట్, గడువు రెండూ ఉన్నాయి. బడ్జెట్ లేని తీర్మానమైతే దీనికి సాక్ష్యంగా తీసుకునేవాళ్లం కాదు.

మూడోది అమ్మగల సామర్థ్యం. మందుల కంపెనీల అలవాటును చూసి చాలామంది ఇక్కడ తడబడతారు. కొత్త మందు విషయంలో అనుమతి వచ్చేదాకా అది వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు, అందుకే అనుమతి ముందు ఖర్చును ఆస్తిగా చూపడానికి సాధారణంగా ఎవరూ సాహసించరు. సిరంజి పంపు అలాంటిది కాదు. వైద్య పరికరాల నియమాలు 2017 కింద ఇది సీ క్లాసు పరికరం. ఇదే పద్ధతిలో పనిచేసే పంపులు దేశంలో ఇప్పటికే అనుమతితో అమ్ముడవుతున్నాయి కాబట్టి కొత్తగా మనుషుల మీద పరీక్షలు అక్కర్లేదని రెగ్యులేటరీ కన్సల్టెంట్ రాతపూర్వకంగా చెప్పారు. పరీక్షల కోసం తయారుచేసుకోవడానికి ఎండీ-13 లైసెన్సు అప్పటికే చేతిలో ఉంది. మిగిలినదల్లా భద్రతా పరీక్షల రిపోర్టులు, క్వాలిటీ సిస్టమ్ ఆడిట్, ఆపైన తయారీకి ఎండీ-9 లైసెన్సు. దారి తెలిసిందే, ముందు వేరేవాళ్లు నడిచిందే. అందుకే ఈ షరతుకు ఎండీ-9 వచ్చేదాకా ఆగనక్కర్లేదన్నాం. అదే పంపులో ఎవరూ వాడని కొత్త పద్ధతి ఉండి మనుషుల మీద పరీక్షలు అవసరమై ఉంటే, జవాబు వేరుగా ఉండేది.

నాలుగోది, భవిష్యత్తులో లాభం తెస్తుందన్న రుజువు. కంపెనీ ప్లాన్‌లో ఏడాదికి 1,500 పంపులని ఉంది. దాన్ని పక్కనపెట్టాం. శ్రీకాకుళం, విజయనగరం, కాకినాడ, రాజమండ్రి, బరంపురం డిస్ట్రిబ్యూటర్లు నవంబర్ నెలలో రాసిచ్చిన లేఖల్లోని సంఖ్యలను కూడితే 640 వచ్చింది. లెక్కకు అదే వాడాం. ఒక్కో పంపు 38,000 రూపాయలకు అమ్మితే, తయారీ ఖర్చు, కమీషన్, వారంటీ సర్వీసు పోను 8,000 మిగులుతుంది. అంటే ఏడాదికి 51.2 లక్షలు.

ఐదోది వనరులు, అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. ప్రాజెక్టు పూర్తికావడానికి ఇంకా కోటిన్నర పైనే కావాలి, బ్యాంకు ఖాతాలో ఉన్నది 30 లక్షలు. లోను ‘సూత్రప్రాయంగా ఓకే’ అని నవంబర్‌లో బ్రాంచి నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ప్రమోటర్ ఆ తేదీ చూపించారు. కానీ ఆ మెయిల్‌లోనే హామీ ఆస్తి వాల్యుయేషన్‌కు లోబడి అని ఉంది, వాల్యుయేషన్ అప్పటికి మొదలే కాలేదు. శాంక్షన్ లెటర్ వచ్చింది 2022 డిసెంబర్ 9న. అప్పు ఇచ్చేవాళ్లు ఈ ప్రణాళికకు డబ్బు పెట్టడానికి సిద్ధమని చూపే కాగితం చాలు, డబ్బు చేతికి రావాల్సిన పనిలేదు. అందుకే డబ్బు విడుదలైన 2023 ఏప్రిల్ దాకా ఆగలేదు.

ఆరోది, ఖర్చును నమ్మకంగా కొలవగలగడం. కొన్న వస్తువులకు, ల్యాబు ఫీజులకు బిల్లులున్నాయి. ఇంజినీర్ల జీతాలకు మాత్రం ఎవరు ఏ పని మీద ఎన్ని గంటలున్నారో చెప్పే రికార్డు లేదు. ఈ ఇంజినీర్లే పాత సక్షన్ మెషీన్ల ఫిర్యాదులు కూడా చూస్తారు. టైమ్‌షీట్లు 2023 జనవరి 1న మొదలయ్యాయి. బిల్లులున్న ఖర్చుకు డిసెంబర్ 9 నుంచి, జీతాలకు జనవరి 1 నుంచి అని తేల్చాం. మధ్యలోని మూడు వారాల జీతాలను జ్ఞాపకం మీద ఆధారపడి పంచడానికి మేం ఒప్పుకోలేదు.

అలా డిసెంబర్ 9 మన తేదీ అయింది. 2022-23 ఖర్చు 148 లక్షల్లో అంతకుముందు పెట్టినది 96 లక్షలు. అది అదే ఆర్థిక సంవత్సరంలోదే, ఖాతాలు ఇంకా ప్రచురించలేదు కూడా. అయినా వెనక్కి తేలేం. షరతులు నెరవేరిన రోజు నుంచి పెట్టినదే ఆస్తి ఖరీదు, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి పెట్టినది కాదు. ఈ ఒక్క విషయం ఒప్పించడానికే ఎక్కువ చర్చ పట్టింది.

మిగిలిన 52 లక్షల్లో ఏది లోపల, ఏది బయట

తేదీ దాటిన ఖర్చంతా ఆస్తి కాదు. ఆస్తిని తయారుచేయడానికి నేరుగా సంబంధించినదే లోపలికి వస్తుంది. ప్రతి వోచరూ తీసి చూశాక తేలిన పంపకం ఇది.

| ఖర్చు | లక్షలు | ఎక్కడికి |
|---|---|---|
| ప్రోటోటైప్ విడిభాగాలు, సామగ్రి | 14 | డెవలప్‌మెంట్ ఆస్తి |
| బయటి ల్యాబుల పరీక్ష ఫీజులు | 9 | డెవలప్‌మెంట్ ఆస్తి |
| ఇంజినీర్ల జీతాలు, టైమ్‌షీట్ ప్రకారం | 13.5 | డెవలప్‌మెంట్ ఆస్తి |
| పరీక్ష పరికరాల తరుగుదల | 1.5 | డెవలప్‌మెంట్ ఆస్తి |
| ఉత్పత్తికి వాడే ఉక్కు అచ్చు | 6 | స్థిరాస్తి |
| డిసెంబర్ జీతాలు, రికార్డు లేనివి | 3 | ఖర్చు |
| ఆఫీసు అద్దె, పరిపాలన వాటా | 2.5 | ఖర్చు |
| సేల్స్ సిబ్బంది శిక్షణ, డెమోలు | 1.5 | ఖర్చు |
| పాత ఉత్పత్తుల పనికి పోయిన గంటలు | 1 | ఖర్చు |

ఇందులో అచ్చు గురించి కొంచెం ఆగి చెప్పాలి. పంపు పైడొప్పకు రెండు అచ్చులు చేయించారు. మొదటిది ప్రోటోటైపుల కోసం మెత్తటి లోహంతో చేసింది, కొన్ని పదుల ముక్కలకే అరిగిపోయింది. దాని ఖర్చు ప్రోటోటైప్ సామగ్రిలో భాగం. రెండోది గట్టి ఉక్కు అచ్చు, ఉత్పత్తి మొదలయ్యాక వేల ముక్కలు పోసేది. అది కంటికి కనబడే యంత్ర సామగ్రి, ఏఎస్ 10 కింద స్థిరాస్తి. రెండింటి బిల్లులూ ఒకే లెడ్జర్‌లో ‘అచ్చులు’ అనే పేరుతో ఉన్నాయి. రెంటినీ కలిపి డెవలప్‌మెంట్‌లో వేస్తే, అచ్చుకు తరుగుదల తన సొంత జీవితకాలం మీద పడదు.

చివరికి ఆస్తిగా నిలిచినది 38 లక్షలు, అచ్చు 6 లక్షలు, మిగిలిన 104 లక్షలు ఖర్చు. తాత్కాలిక ఖాతాలతో పోలిస్తే లాభం 166 లక్షలు తగ్గింది.

ఇప్పుడు బ్యాంకు భయం సంగతి. శాంక్షన్ లెటర్‌లోని షరతులు తీసి చూస్తే, బ్యాంకు లెక్కేసేది టాంజిబుల్ నెట్‌వర్త్. అంటే నెట్‌వర్త్‌లోంచి కంటికి కనబడని ఆస్తులను తీసేశాక మిగిలేది. 210 లక్షలు ఆస్తిగా చూపించినా బ్యాంకు అధికారి ఆ గీత దగ్గర మొత్తాన్నీ కొట్టేసేవారే. ప్రమోటర్ కాపాడుకోవాలనుకున్న నిష్పత్తి మారేది ఒక్క అచ్చు 6 లక్షల మేరకే. ఈ లెక్క ఆయన ముందు పెట్టాక వాదన ఆగింది. ఇలాంటి కేసుల్లో స్టాండర్డ్ పేరాలు చదివి వినిపించడానికి ముందే లోను షరతులు తెరవడం మంచిది. తప్పు లెక్కకు ప్రేరణ ఎక్కడుందో అక్కడే కనిపిస్తుంది.

ఏడాది చివరి పరీక్ష, పన్ను

ఇంకా వాడకానికి సిద్ధంకాని కంటికి కనబడని ఆస్తి తన ఖరీదు తిరిగి రాబట్టగలదా అని ప్రతి ఏడాది చివరా చూడాలి, నష్ట సూచనలు లేకపోయినా సరే. చిన్న కంపెనీలకు ఇక్కడ డిస్కౌంట్ చేయకుండా, అంటే రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించకుండా, సహేతుకమైన అంచనాతో సరిపెట్టే సడలింపు ఉంది. అయినా ఐదేళ్ల దూరపు డబ్బు కాబట్టి 14 శాతం రేటుతో డిస్కౌంట్ చేశాం. ఏడాదికి 51.2 లక్షల చొప్పున ఐదేళ్లు, అదీ 2024 ఏప్రిల్ తర్వాతే మొదలవుతుంది, కాబట్టి 2023 మార్చి 31 నాటి విలువ 154 లక్షలు. పూర్తిచేయడానికి ఇంకా పెట్టాల్సిన 118 లక్షల నేటి విలువ 110 లక్షల పైన. తీసేస్తే సుమారు 44 లక్షలు మిగులుతుంది, పుస్తకాల్లో ఉన్నది 38. పాసైంది, కానీ అంచు మీద. ఆ పాత 62 లక్షలనూ, డిసెంబర్‌కు ముందు ఖర్చునూ కూడా ఆస్తిలో ఉంచి ఉంటే ఈ పరీక్షలోనే అవి కూలిపోయేవి. సిద్ధంకాని ఆస్తికి పెట్టాల్సిన మిగతా ఖర్చును తీసేయడం మర్చిపోవడం ఇక్కడ తరచూ కనిపించే లోపం. అలా చేస్తే 154 లక్షలను 38తో పోల్చి ఎంతో మిగులుందని సంబరపడతారు.

ఆదాయపు పన్నులో దారి వేరు. ఆ ఏడాదికి వర్తించిన 1961 చట్టం 35(1)(i) కింద వ్యాపారానికి సంబంధించిన శాస్త్ర పరిశోధన రెవెన్యూ ఖర్చును ఆ ఏడాదే మినహాయించుకోవచ్చు, పుస్తకాల్లో ఆస్తిగా రాసినా అడ్డు కాదు. కంపెనీ 115బీఏఏ కింద 25.168 శాతం రేటు ఎంచుకుంది. ఆ రేటు ఎంచుకున్నవారికి 35(2ఏబీ) మినహాయింపు దొరకదు గాని, 35(1)(i) దొరుకుతుంది. 38 లక్షల్లో తరుగుదల 1.5 లక్షలకు పన్ను లెక్క వేరే కాబట్టి, మిగిలిన 36.5 లక్షల మీద 9.19 లక్షల డిఫర్డ్ టాక్స్ అప్పు, అంటే తర్వాతి ఏళ్లలో మీదపడే పన్ను, రాశాం. ఈ ఎంట్రీ వదిలేస్తే ఈ ఏడాది లాభం అంతమేరకు పెరిగి కనిపిస్తుంది, ఆస్తి ఖరీదును కొద్దికొద్దిగా ఖర్చు రాసే అమార్టైజేషన్ నడిచే ఏళ్లలో పన్ను భారం అర్థంకాకుండా ఎక్కువగా కనిపిస్తుంది.

అమార్టైజేషన్

2023-24లో, 2024 ఫిబ్రవరి 19 దాకా, ఆస్తికి చేర్చదగ్గ ఖర్చు 116 లక్షలు వచ్చింది. ఈ ప్రాజెక్టు కోసమే తీసుకున్న లోను వడ్డీ ఆ తేదీ దాకా 6 లక్షలు. సిద్ధం కావడానికి ఏడాదికి పైగా పట్టిన ఆస్తి కాబట్టి ఏఎస్ 16 కింద వడ్డీ కూడా చేరింది. కిందటి 38 లక్షలతో కలిపి మొత్తం 160 లక్షలు.

ఫిబ్రవరి 19 ఎందుకు? ఆరోజు ఎండీ-9 లైసెన్సు వచ్చింది. ఉత్పత్తి లైను అప్పటికే జనవరిలో సిద్ధమైంది. మొదటి ఇన్వాయిస్ మే 20న పడింది కాబట్టి అమార్టైజేషన్ కూడా అప్పటి నుంచి మొదలుపెట్టాలని కంపెనీ కోరింది. స్టాండర్డ్ చూసేది ఆస్తి వాడకానికి సిద్ధమైన రోజును, వాడటం మొదలైన రోజును కాదు. లైసెన్సు, లైను, పంపు మూడూ ఉన్నాక అమ్మకపోవడం అమ్మకాల విభాగం సంగతి. ఆ మూడు నెలల ఆలస్యానికి ఆస్తిని ఆపి ఉంచలేం. అదే కారణంతో ఫిబ్రవరి 19 తర్వాతి వడ్డీ, జీతాలు కూడా ఖర్చులోకే వెళ్లాయి. ముందు ఒక షరతు నెరవేరడానికి ఎండీ-9 అక్కర్లేదని, ఇప్పుడు సిద్ధం కావడానికి అదే కావాలని అనడంలో వైరుధ్యం లేదు. మొదటిచోట ప్రశ్న ‘వస్తుందా’ అని, రెండోచోట ‘వచ్చిందా’ అని.

జీవితకాలం దగ్గర కంపెనీ పదేళ్లు అడిగింది, ఏఎస్ 26లో పదేళ్ల మాట ఉంది కదా అని. ఆ పదేళ్లు అంతకు మించదన్న ఊహ మాత్రమే, మొదటి ఎంపిక కాదు. ఇండ్ ఏఎస్ 38లో ఆ ఊహ కూడా లేదు. పంపులో మోటారును నడిపే చిప్ ఎన్నాళ్లు దొరుకుతుంది, పోటీ కంపెనీలు మోడల్ ఎంతకాలానికి మారుస్తున్నాయి, డిజైన్ మార్చకుండా లైసెన్సు కింద ఎంతకాలం అమ్మగలం అని కొనుగోలు విభాగాన్నీ ఇంజినీర్లనూ అడిగాక ఐదేళ్లు సరైనదని తేలింది. అమ్మిన పంపుల సంఖ్య ప్రకారం రాయడం కూడా ఆలోచించాం. మొత్తం ఎన్ని అమ్ముతామన్న అంచనా గట్టిగా లేనప్పుడు ఆ పద్ధతి ప్రతి ఏడాదీ ఊగిపోతుంది. అందుకే సమాన వాయిదాలు, ఏడాదికి 32 లక్షలు. మొదటి ఏడాది ఫిబ్రవరి 19 నుంచి మార్చి 31 వరకు 42 రోజులకు 3.67 లక్షలు పడింది, 2024-25లో పూర్తి 32 లక్షలు.

2025 మార్చిలో ఆ చిప్ తయారీదారు నుంచి ఆఖరి కొనుగోలు నోటీసు వచ్చింది. చివరి విడత కొని నిల్వ పెట్టుకున్నా మూడేళ్లకు మించి సరిపోదు. జీవితకాలాన్ని ప్రతి ఏడాది చివరా తిరిగి చూడాలి కాబట్టి, మిగిలిన 124.33 లక్షలను 2025 ఏప్రిల్ నుంచి మూడేళ్లకు పంచాం, ఏడాదికి 41.44 లక్షలు. ఇది అంచనా మార్పు, వెనకటి సంవత్సరాలను ముట్టుకోకూడదు. నోటీసు నష్ట సూచన కూడా కాబట్టి రాబట్టగల మొత్తాన్ని మళ్లీ లెక్కించాం. మొదటి ఏడాది 810 పంపులు అమ్ముడయ్యాయి. అదే సంఖ్య మూడేళ్లు నడిస్తే 14 శాతంతో 150 లక్షలు వస్తుంది, కాబట్టి విలువ తగ్గించాల్సిన అవసరం రాలేదు. మొదట పదేళ్లు పెట్టి ఉంటే అప్పటికి పుస్తకాల్లో 142 లక్షలకు పైగా మిగిలి ఉండేది, అమ్మకాలు 765 పంపుల దగ్గర ఆగినా విలువ తగ్గించాల్సి వచ్చేది.

ఈ కేసు తర్వాత మార్చినవి

కంపెనీ ఇప్పుడు ప్రాజెక్టు మొదటి రోజునే ట్యాలీలో రెండు కాస్ట్ సెంటర్లు తెరుస్తోంది, రీసెర్చ్‌కు ఒకటి, డెవలప్‌మెంట్‌కు ఒకటి. రెండోది మూసే ఉంటుంది. ఆరు షరతుల ఫైలు మీద చీఫ్ ఇంజినీర్, అకౌంట్స్ మేనేజర్ ఇద్దరూ సంతకం పెట్టిన రోజే అది తెరుచుకుంటుంది. ఈ సంతకం త్రైమాసికం చివర్లోనో మార్చిలోనో కాదు, చివరి కాగితం చేతికొచ్చిన వారంలోనే జరగాలి. వెనక తేదీతో తయారైన ఫైలును ఆడిటర్ ఇట్టే పట్టేస్తారు, ఆరు కాగితాల భాషా ఒకేలా ఉంటుంది.

ఆటోనగర్ చిన్న షాపుల బిల్లుల మీద ప్రాజెక్టు పేరు రాయించడం అన్నిటికంటే కష్టమైంది. ‘జాబ్ వర్క్’ అని రెండు ముక్కలు రాసిచ్చే బిల్లుతో ఏ స్క్రూ ఏ యంత్రానికో చెప్పలేం. ఇప్పుడు పర్చేజ్ ఆర్డర్ నంబరు లేని బిల్లుకు డబ్బు ఇవ్వరు, ఆ నంబరులోనే ప్రాజెక్టు కోడ్ ఉంటుంది. టైమ్‌షీట్లను మాత్రం అరపూట లెక్కన సరిపెట్టాం. గంటల చొప్పున అడిగితే ఇంజినీర్లు శుక్రవారం సాయంత్రం కూర్చుని వారం మొత్తం ఊహించి రాస్తారు.

పంపు అమ్మకంలోకి వచ్చాక సాఫ్ట్‌వేర్ లోపాల సవరణలు ఖర్చులోకే వెళ్తున్నాయి, అవి పంపును ముందనుకున్న స్థాయిలో నిలబెట్టేవి మాత్రమే. అనేక పంపులను నర్సుల బల్ల దగ్గరి తెర మీద ఒకేచోట చూపించే వైర్‌లెస్ మాడ్యూల్ పని 2025లో మొదలైంది. అది పంపుకు మొదట్లో లేని ప్రయోజనం తెస్తుంది కాబట్టి దానికి వేరే ఫైలు తెరిచారు. అందులో ప్రస్తుతం నాలుగు కాగితాలున్నాయి. సాంకేతిక సాధ్యత రిపోర్టు, నిధుల కాగితం రావాలి, అప్పటిదాకా దాని ఖర్చంతా రీసెర్చ్ కాస్ట్ సెంటర్‌లోనే పడుతోంది.